జైరో ఉన్న షిప్పులో మాగ్నెటిక్ కంపాస్ ఎందుకు? రెండింటి లెక్కలు, తప్పులు

ప్రశ్న: "సర్, నేను వచ్చే నెల డెక్ కేడెట్‌గా జాయిన్ అవుతున్నాను. జైరో కంపాస్ నిజమైన ఉత్తరం చూపిస్తుంది కదా, మరి ఇంకా మాగ్నెటిక్ కంపాస్ ఎందుకు పెట్టుకుంటారు? రెండూ ఎలా పనిచేస్తాయి? ఏ ఎర్రర్లు సరిచేయాలో పుస్తకంలో చదివితే అన్నీ కలిసిపోతున్నాయి. కొంచెం వివరంగా చెప్తారా?"

సమాధానం:

స్టీరింగ్ జైరో మీదే చేస్తాం. మాగ్నెటిక్‌ని ఉంచుకునేది ఒకే కారణానికి: దానికి కరెంటు అక్కర్లేదు, జైరోతో ఏ సంబంధమూ లేదు. జైరో తప్పు చూపిస్తోందని షిప్పులో ముందుగా చెప్పగలిగేది చాలాసార్లు అదొక్కటే. షిప్పుల భద్రత మీద అంతర్జాతీయ ఒప్పందం సోలాస్, దాని ఐదో చాప్టర్, 19వ రెగ్యులేషన్ కూడా ఇదే అడుగుతుంది. ప్రతి షిప్పులో కరెంటుతో పనిలేని మాగ్నెటిక్ కంపాస్ ఉండాలి, 500 గ్రాస్ టన్నులు, ఆపైన ఉంటే జైరో కూడా ఉండాలి.

పుస్తకంలో అన్నీ కలిసిపోవడానికి కారణం, ఎర్రర్ల పేర్లన్నీ ఒకే వరుసలో ఇస్తారు. నేను వాటిని ఇలా విడదీసి గుర్తుపెట్టుకుంటాను. మాగ్నెటిక్ తప్పు మీరు భూమి మీద ఎక్కడ ఉన్నారు, షిప్పు ముక్కు ఎటు ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. జైరో తప్పు మీరు ఎంత వేగంగా, ఎటు కదులుతున్నారు, మెషీన్‌కి మీరేం సెట్టింగ్ ఇచ్చారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ తేడా పట్టుకుంటే మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి.

ముందు మాగ్నెటిక్ సంగతి.

ఒక గిన్నె, అందులో ఆల్కహాల్ కలిపిన నీళ్లు గానీ ఒక రకం నూనె గానీ. అందులో తేలుతూ 0 నుంచి 360 దాకా గీతలున్న కార్డు, దాని అడుగున చిన్న అయస్కాంతాలు. కార్డు కదలదు, షిప్పే దాని చుట్టూ తిరుగుతుంది. కొత్తవాళ్లకి ఇది మొదటి రోజు తిరకాసుగా ఉంటుంది. షిప్పు ఎటు చూస్తోందో చెప్పేది గిన్నె అంచున ఉండే లబ్బర్ లైన్ అనే గీత. స్టాండర్డ్ కంపాస్ సాధారణంగా బ్రిడ్జి పైకప్పు మీద, మనం మంకీ ఐలాండ్ అనే చోట ఉంటుంది. వీల్ దగ్గర నిలబడి పెరిస్కోప్ గొట్టంలోంచి పైకి చూస్తే కార్డు కనబడుతుంది.

ఆ కార్డు చూపేది భూమి అయస్కాంత ఉత్తరం. దానికీ నిజమైన ఉత్తరానికీ మధ్య తేడా వేరియేషన్. మన విశాఖ తీరంలో ఇది డిగ్రీ అటూ ఇటూ మాత్రమే, అందుకే మన కోస్ట్ మీద పని నేర్చుకున్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. అదే షిప్పు ఆఫ్రికా దక్షిణ కొన చుట్టూ తిరిగి వెళ్తే, కేప్ టౌన్ దగ్గర పాతిక డిగ్రీల ప్రాంతంలో పశ్చిమానికి ఉంటుంది. దీని గురించి మీరు కనిపెట్టాల్సిందేమీ లేదు. చార్టు మీద కంపాస్ రోజ్ అనే దిక్కుల చక్రంలో ఏ సంవత్సరానికి ఎంత, ఏటా ఎంత మారుతోంది అని రాసి ఉంటుంది. ఇప్పటి సంవత్సరానికి లెక్క కట్టుకోవడమే.

డీవియేషన్ అలా కాదు, అది మీ షిప్పు సొంత జబ్బు. షిప్పు అంతా ఉక్కు. యార్డులో నెలల తరబడి ఒకే దిక్కుకి ముఖం పెట్టి కూర్చుని సుత్తి దెబ్బలు, వెల్డింగ్ తింటుంది. ఆ కాలంలోనే దానికి శాశ్వతమైన అయస్కాంత గుణం వస్తుంది. ఇది కాక మెత్తని ఇనుము భాగాలు భూమి అయస్కాంతానికి లోబడి ఎప్పటికప్పుడు తాత్కాలికంగా అయస్కాంతాలవుతాయి, అది అక్షాంశంతో పాటు మారుతుంది. ఈ రెండింటినీ తగ్గించడానికే కంపాస్ పెట్టిన స్తంభంలో, అంటే బినకిల్‌లో, ఇన్ని సరంజామాలు. లోపల ముందు వెనకలుగా, అడ్డంగా పెట్టిన సన్న అయస్కాంత కడ్డీలు, రెండు పక్కలా రెండు ఇనుప గుండ్లు, ముందువైపు నిలువు గొట్టంలో ఫ్లిండర్స్ బార్. 1800ల మొదట్లో ఆస్ట్రేలియా తీరాన్ని కొలిచిన మాథ్యూ ఫ్లిండర్స్ పేరు మీద ఉన్న కడ్డీ అది. కంపాస్ అడ్జస్టర్ వచ్చి షిప్పుని చుట్టూ తిప్పించి ఇవన్నీ సర్దుతాడు. అయినా మొత్తం పోదు, కొంత మిగులుతుంది. ఏ హెడ్డింగ్‌లో, అంటే షిప్పు ముక్కు ఏ దిక్కున ఉన్నప్పుడు, ఎంత మిగిలిందో రాసిన కాగితమే డీవియేషన్ కార్డు. బ్రిడ్జిలో గోడకి అంటించి ఉంటుంది.

ఇక్కడ పరీక్షలోనూ, పనిలోనూ జరిగే ఒక తప్పు చెప్తాను. విశాఖ డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్‌కి స్టాండర్డ్ కంపాస్‌తో బేరింగ్ తీశారనుకోండి, అంటే అది ఏ దిక్కున కనబడుతోందో చూశారు, 310 వచ్చింది. షిప్పు హెడ్డింగ్ 048. డీవియేషన్ కార్డులో 310 ఎదురుగా ఉన్న సంఖ్య తీసుకుంటే తప్పు. డీవియేషన్ షిప్పు ముక్కుని బట్టి మారుతుంది, మీరు చూసే వస్తువుని బట్టి కాదు. 048 ఎదురుగా ఉన్నదే తీసుకోవాలి. సెకండ్ మేట్ పరీక్ష రాసేవాళ్లు కూడా దీని మీద మార్కులు పోగొట్టుకుంటారు.

ఇంకోటి, డీవియేషన్ కార్డు మీద తేదీ చూడండి. డ్రైడాక్ తర్వాత, డెక్ మీద పెద్ద వెల్డింగ్ పని తర్వాత, పిడుగు పడ్డాక, నెలల తరబడి ఒకే దిక్కున లంగరేసి ఉన్నాక ఆ కార్డు నమ్మదగ్గది కాదు. సరుకు కూడా మారుస్తుంది. ఒకసారి మేం స్టీల్ ప్లేట్లు లోడ్ చేశాం, విద్యుదయస్కాంతం తగిలించిన క్రేన్లతో. పోర్టు దాటి కోర్సులో పడ్డాక మాగ్నెటిక్ మామూలు కంటే నాలుగు డిగ్రీలు తేడాగా ఉంది. సరుకు దించాక కూడా కొన్నాళ్లు పాత చోటికి రాలేదు. దీనికన్నా చిన్న కారణాలు ఎక్కువ. నేనొకసారి మంకీ ఐలాండ్ మీదికి వెళ్లేసరికి మా కేడెట్ కుర్రాడు బేరింగ్ తీయడానికి రెండు చేతులూ ఖాళీ కావాలని వాకీటాకీని బినకిల్ పక్కనే ఆనించి పెట్టాడు. స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది కదా. అది తీసి జేబులో పెట్టుకోమన్నాను, పెట్టుకుని మళ్లీ కంపాస్ మీదికి వంగాడు. కార్డు ఆ జేబువైపే మెల్లగా తిరిగింది. కింద పెట్టి రమ్మన్నాక గానీ కార్డు కుదురుకోలేదు.

ఇప్పుడు జైరో.

బొంగరం ఆడినవాళ్లకి సగం తెలిసిన విషయమే. వేగంగా తిరిగే బొంగరాన్ని పక్కనుంచి తోస్తే అది తోసినవైపు పడదు. దానికి తొంభై డిగ్రీల పక్కకి జరుగుతుంది. దీన్ని ప్రిసెషన్ అంటారు. రెండోది, ఏమీ తోయకుండా వదిలేస్తే దాని ఇరుసు అంతరిక్షంలో ఒకే దిక్కుని పట్టుకుని ఉంటుంది. భూమి తిరుగుతుంది, అది తిరగదు.

జైరో లోపల నిమిషానికి వేల చుట్లు తిరిగే ఒక చక్రం ఉంటుంది, ఇరుసు నేలకి అడ్డంగా ఉంటుంది. ఆ ఇరుసు కొస ఉత్తరానికి కొంచెం తూర్పుగా చూస్తోందనుకోండి. భూమి తిరగడం వల్ల తూర్పున ఉన్న నక్షత్రం ఎలా పైకి లేస్తుందో, ఆ ఇరుసు కొస కూడా అలాగే నెమ్మదిగా పైకి లేస్తుంది. మామూలు జైరో కంపాస్‌లో చక్రానికి బరువు గానీ, పాదరసం కుండలు గానీ తగిలించి ఉంటాయి. ఇరుసు వంగగానే గురుత్వాకర్షణ దాన్ని అటో ఇటో తోస్తుంది. బొంగరం కాబట్టి తోసినట్టు నిలువుగా కదలదు, పక్కకి, అంటే ఉత్తరం వైపుకి జరుగుతుంది. ఉత్తరాన్ని దాటి పడమటికి పోతే ఈసారి కొస కిందికి వంగుతుంది, తోపు తిరగబడుతుంది, వెనక్కి వస్తుంది. ఇలా ఉత్తరానికి అటూ ఇటూ ఊగుతుంది. డ్యాంపింగ్ ఏర్పాటు వల్ల ఊగు ప్రతిసారీ చిన్నదై, చివరికి ఉత్తరాన కుదురుకుంటుంది.

గమనించండి, ఇందులో అయస్కాంతం ప్రసక్తే లేదు. భూమి తిరగడం, గురుత్వాకర్షణ, ఈ రెండే. అందుకే అది నిజమైన ఉత్తరం చూపిస్తుంది, ఉక్కు పక్కన పెట్టినా పట్టించుకోదు.

ఆ ఊగుకి పట్టే సమయం దాదాపు 84 నిమిషాలు. ఇది కావాలని ఎంచుకున్న సంఖ్య. షిప్పు వేగం మారినప్పుడు, తిరిగినప్పుడు వచ్చే కుదుపులకి జైరో తన స్థిరత్వం పోగొట్టుకోకుండా ఉండాలంటే ఆ ఊగు ఇంతే ఉండాలని జర్మనీలో మాక్స్ షూలర్ లెక్క తేల్చాడు. మొదటి పనికొచ్చే జైరో కంపాస్‌ని 1908లో నీటి మీద పరీక్షించిన హెర్మాన్ అన్షుట్జ్ కెంఫే ఆయనకి బంధువే. అన్షుట్జ్‌కి అసలు ఈ పిచ్చి పట్టింది సబ్‌మెరీన్‌లో మంచు కింద నుంచి ఉత్తర ధ్రువం చేరాలని. తమాషా ఏమిటంటే ధ్రువం దగ్గరికి వచ్చేసరికి జైరో కంపాస్ పనికిరాదు. దాన్ని ఉత్తరానికి లాగే శక్తి భూమధ్యరేఖ మీద పూర్తిగా ఉంటుంది, 60 డిగ్రీల అక్షాంశంలో సగం, 75 దగ్గర పావు వంతు. అక్కణ్ణుంచి పైకి నమ్మకం వేగంగా తగ్గిపోతుంది.

ఈ 84 నిమిషాల లెక్క నుంచే ఒక పని సూత్రం వస్తుంది. జైరో స్విచ్ వేయగానే ఉత్తరం చూపదు. ఒకటికి రెండు మూడు ఊగులు పూర్తయ్యి సద్దుమణగాలి. తిరిగే చక్రం ఉన్న జైరోకి కనీసం నాలుగైదు గంటలు ఇవ్వండి. సెయిలింగ్ టైమ్ తెలియగానే ఆన్ చేసి ఉందో లేదో చూడండి, పైలట్ ఎక్కే ముందు కాదు.

జైరో ఎర్రర్లలో మీరు లెక్క కట్టగలిగినది, కట్టాల్సినది కోర్సు స్పీడ్ ఎర్రర్. కారణం తేలిగ్గానే ఉంటుంది. జైరోకి భూమి తూర్పుకి తిరగడం ఒక్కటే ఆధారం. మీరు ఉత్తరానికి పోతున్నారంటే మీ కదలిక దానికి తోడవుతుంది. అప్పుడు దానికి "తూర్పు" అనిపించేది అసలు తూర్పుకి కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. దానికి తొంభై డిగ్రీలలో కుదురుకుంటుంది కాబట్టి దాని ఉత్తరం పడమటికి జరుగుతుంది. రీడింగ్ అసలు కన్నా ఎక్కువ చూపిస్తుంది, మేం హై అంటాం. దక్షిణానికి పోతే తక్కువ చూపిస్తుంది, లో. తూర్పుకీ పడమటికీ పోతే ఈ ఎర్రర్ సున్నా.

```
error (డిగ్రీలు) ≈ 57.3 × V × cos C / (900 × cos L)
V = వేగం నాట్లలో, C = కోర్సు, L = అక్షాంశం
```

900 అంటే భూమధ్యరేఖ మీద నేల తూర్పుకి కదిలే వేగం, గంటకి 900 నాటికల్ మైళ్లు. విశాఖ అక్షాంశంలో 15 నాట్లతో సూటిగా ఉత్తరానికి పోతే ఈ ఎర్రర్ ఒక డిగ్రీ వస్తుంది. నార్వే దగ్గర 60 డిగ్రీలలో అదే వేగానికి రెండు డిగ్రీలకి కొంచెం తక్కువ. ఇప్పటి జైరోలు వేగం కొలిచే లాగ్ నుంచి వేగం, జీపీఎస్ నుంచి అక్షాంశం తీసుకుని దీన్ని తామే సరిచేస్తాయి. కానీ ఎవరో ఒకసారి ఆ స్విచ్‌ని మాన్యువల్‌లో పెట్టి వదిలేస్తే, షిప్పు లంగరేసి నిలబడ్డప్పుడు కూడా జైరో 14 నాట్లకి సరిచేస్తూనే ఉంటుంది. నేను కొత్త షిప్పు ఎక్కినప్పుడు జైరో ప్యానెల్ మీద మొదట చూసేది ఈ రెండు అంకెలనే, వేగం, అక్షాంశం. ఒకసారి సింగపూర్ దగ్గర ఎక్కితే అక్షాంశం 52 డిగ్రీలని ఉంది. యూరప్ నుంచి వచ్చినప్పటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు.

ఎర్రర్ ఎంతో ఎలా తెలుస్తుంది? ఆకాశం వైపు చూడాలి. వాచ్‌కి, అంటే నాలుగు గంటల డ్యూటీకి, ఒకసారి సూర్యుణ్ణో నక్షత్రాన్నో పట్టుకుని కంపాస్ ఎర్రర్ తీయడం మన పని. నేను చీఫ్ ఆఫీసర్‌గా నాలుగు ఎనిమిది వాచ్‌లో ఉన్నప్పుడు తీసిన ఒకటి వేసి చూపిస్తాను, పద్ధతి అర్థమవుతుంది.

మే నెల మూడో వారం. చెన్నై నుంచి పారాదీప్ వెళ్తున్నాం, విశాఖకి ఎదురుగా సముద్రంలో లోపలికి ఉన్నాం, అక్షాంశం 17 డిగ్రీల 30 నిమిషాలు ఉత్తరం. మన తీరంలో ఈ పనికి సూర్యోదయమే మంచిది. తూర్పున నీళ్లు తప్ప ఏమీ లేవు, హొరైజన్ శుభ్రంగా ఉంటుంది. సాయంత్రం అయితే సూర్యుడు తూర్పు కనుమల వెనక్కి, దుమ్ములోకి దిగిపోతాడు.

బ్రిడ్జి పక్కన బయటికి ఉండే వింగ్ మీద, మాస్టర్ జైరో రీడింగ్‌నే చూపించే రిపీటర్ దగ్గర నిలబడ్డాను. సూర్యుడి కింది అంచు నీటి గీతకి తన వ్యాసంలో సగానికి కాస్త పైన ఉన్నప్పుడు బేరింగ్ తీయాలి. గాలి కాంతిని వంచడం వల్ల, మనం ఎత్తులో నిలబడటం వల్ల, ఆ క్షణంలోనే సూర్యుడి మధ్య బిందువు లెక్కల్లోని హొరైజన్ మీద ఉంటుంది. నీళ్లకి తాకుతూ ఉండగా తీసేవాళ్లు ఉన్నారు, మన అక్షాంశాల్లో తేడా చిన్నదే, పైకి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. నేను తీసిన బేరింగ్ 070.0.

సూర్యుడి డెక్లినేషన్, అంటే ఆకాశంలో భూమధ్యరేఖ నుంచి ఎంత ఉత్తరంగానో దక్షిణంగానో ఉన్నాడన్నది, ఆ ఉదయం 20 డిగ్రీలు ఉత్తరం. లెక్క ఇంతే:

```
sin A = sin(dec) / cos(lat)
      = 0.3420 / 0.9537 = 0.3586
A = 21.0°
```

సూర్యుడు తూర్పు నుంచి 21 డిగ్రీలు ఉత్తరంగా లేచాడన్నమాట. 90 లోంచి 21 తీస్తే నిజమైన బేరింగ్ 069.0. జైరో 070.0 చూపింది. ఒక డిగ్రీ హై.

అదే క్షణంలో కేడెట్‌ని వీల్ దగ్గర నిలబెట్టి రెండు హెడ్డింగులూ రాయమన్నాను. జైరో 046, మాగ్నెటిక్ 048. జైరో ఒక డిగ్రీ ఎక్కువ చూపిస్తోంది కాబట్టి అసలు హెడ్డింగ్ 045. మాగ్నెటిక్ దానికన్నా మూడు ఎక్కువ. కంపాస్ ఎక్కువ చూపితే ఎర్రర్ వెస్ట్, తక్కువ చూపితే ఈస్ట్. "వెస్ట్ బెస్ట్, ఈస్ట్ లీస్ట్" అని అందరూ బట్టీ పట్టేది ఇదే. అంటే మొత్తం ఎర్రర్ మూడు వెస్ట్. చార్టు ప్రకారం వేరియేషన్ ఒకటి వెస్ట్, మిగిలిన రెండు వెస్ట్ డీవియేషన్. గోడ మీది కార్డు చూస్తే ఈశాన్యపు హెడ్డింగ్‌కి రెండు వెస్ట్ అనే ఉంది. మాగ్నెటిక్ ఆరోగ్యంగా ఉంది.

జైరో ఒక డిగ్రీ ఎక్కడి నుంచి వచ్చింది? మేం 12 నాట్లతో 045 పోతున్నాం. ఫార్ములాలో వేస్తే స్పీడ్ ఎర్రర్ 0.6 వస్తుంది. ప్యానెల్ చూస్తే కరెక్షన్ ఆన్‌లో ఉంది, వేగం, అక్షాంశం సరిగానే ఉన్నాయి. కాబట్టి అది కాదు. చెన్నై వచ్చే ముందు దక్షిణపు కోర్సులో తీసినవి ఎర్రర్ బుక్‌లో చూశాను, అక్కడా ఒక డిగ్రీ హై. అన్ని కోర్సుల్లోనూ ఒకే ఎర్రర్ ఉంటే అది జైరో బిగించిన తీరులో తేడా. ఉత్తరానికి హై, దక్షిణానికి లో అని మారుతుంటే స్పీడ్ కరెక్షన్ గొడవ. ఒక్క రిపీటర్‌లోనే ఉంటే ఆ రిపీటర్ గొడవ. మూడోది చాలా మందిని తికమక పెడుతుంది. పాత స్టెప్ మోటార్ రిపీటర్లు కరెంటు పోయి వస్తే మాస్టర్‌తో కలవకుండా రెండు మూడు డిగ్రీలు పక్కన నిలబడతాయి. అందుకే బేరింగ్ తీసే ముందు ఆ వింగ్ రిపీటర్‌ని మాస్టర్‌తో పోల్చాలి. లేకపోతే రిపీటర్ తప్పుని జైరో తప్పుగా రాస్తారు.

సూర్యుడు కనబడని వర్షాకాలంలో? పోర్టులోకి వెళ్లేటప్పుడు దారి చూపే రెండు లీడింగ్ లైట్లు ఒకదాని కింద ఒకటి వచ్చిన క్షణంలో బేరింగ్ తీయండి, చార్టు మీద అసలు సంఖ్య ఉంటుంది. బెర్త్‌లో కట్టేసి ఉంటే ఇంకా తేలిక, చార్టు మీద ఆ జెట్టీ గీత ఏ దిక్కున ఉందో కొలిచి జైరో హెడ్డింగ్‌తో పోల్చండి. బయల్దేరే ముందు నేను మొదట చేసేది అదే.

ఇక మీ అసలు ప్రశ్న, మాగ్నెటిక్ ఎందుకు. దానికి నా దగ్గర సొంత జవాబు ఉంది.

అప్పటికి నేను థర్డ్ ఆఫీసర్‌ని, ఎనిమిది పన్నెండు వాచ్. అదే తీరం, అదే 046 జైరో కోర్సు, కాకినాడ దాటి పైకి వచ్చాం. పాత షిప్పు, కాగితం చార్టులే. మధ్యాహ్నం ఇంజిన్ రూమ్ వాళ్లు జనరేటర్ మారుస్తుంటే ఐదారు నిమిషాలు షిప్పంతా చీకటైంది. జైరోకి వెనక ఉండాల్సిన బ్యాటరీ అప్పటికే చచ్చిపోయి ఉంది, ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. కరెంటు వచ్చాక జైరో రిపీటర్లన్నీ వెలిగాయి, ఆటోపైలట్ పెట్టుకున్నారు, అంతా మామూలే.

రాత్రి ఎనిమిదికి వాచ్ తీసుకున్నప్పుడు మాగ్నెటిక్ 047 ఉంది, రాశాను. తొమ్మిదికి పొజిషన్ వేస్తే కోర్సు గీతకి అర మైలు ఎడమగా పడింది. కరెంటు లాగుతోందేమో అనుకున్నాను, నీటి కరెంటు. పదికి మళ్లీ వేస్తే ఎడమగా మైలున్నర దాటింది. జైరో చూస్తే 046 మీద గోడకి కొట్టిన మేకులా ఉంది. ఆఫ్ కోర్స్ అలారం మోగలేదు. పెరిస్కోప్‌లోకి చూశాను. 039.

కాసేపు నమ్మబుద్ధి కాలేదు. జైరో 046, ఆటోపైలట్ 046, అలారం లేదు, ఒక్క ఈ ముసలి కంపాస్ మాత్రం వేరే మాట చెప్తోంది. తర్వాత తట్టింది. అలారం దేంతో పోలుస్తోంది? జైరోతోనే. జైరో నెమ్మదిగా జరుగుతుంటే ఆటోపైలట్ షిప్పుని దానితో పాటే తిప్పుతుంది. కాబట్టి జైరో దృష్టిలో షిప్పు ఎప్పుడూ కోర్సు మీదే ఉంటుంది, అలారం జన్మలో మోగదు. రెండు గంటల్లో మేం ఎనిమిది డిగ్రీలు శ్రీకాకుళం తీరం వైపు తిరిగిపోయాం.

వీల్‌మ్యాన్‌ని పిలిచి హ్యాండ్ స్టీరింగ్‌కి మార్చి, మాగ్నెటిక్ మీద 048 పట్టమన్నాను. ఆ షిప్పులోనూ ఈ హెడ్డింగ్‌కి ఎర్రర్ మూడు వెస్టే కాబట్టి నిజమైన 045కి 048 పట్టాలి. కెప్టెన్‌ని లేపాను. ఆయన పైకి వచ్చి మొదట అడిగింది ఒక్కటే, "ఎనిమిదికి మాగ్నెటిక్ ఎంత రాశావు?" లాగ్‌బుక్ చూపించాను. ఆ 047 అక్కడ రాసి లేకపోతే మాగ్నెటిక్ మారిందా, జైరో మారిందా అని వాదించుకుంటూ ఇంకో గంట గడిచేది.

ఏం జరిగిందంటే, చీకటైన ఐదు నిమిషాల్లో చక్రం వేగం తగ్గి ఇరుసు వాలింది. కరెంటు వచ్చాక మళ్లీ వేగం అందుకుంది గానీ, ఆ వాలు నుంచి పెద్ద పెద్ద ఊగులతో కుదురుకోవడం మొదలుపెట్టింది. అయితే గంటలు గడుస్తున్నకొద్దీ ఊగు తగ్గాలి కదా, ఇది తగ్గలేదు. చక్రానికి కరెంటిచ్చే యూనిట్ కూడా దెబ్బతిని వేగం నిలకడగా ఉండటం లేదని పారాదీప్‌లో టెక్నీషియన్ వచ్చాక తేలింది. అప్పటిదాకా రాత్రంతా, మర్నాడు పగలంతా మాగ్నెటిక్ మీదే పోయాం. అది తేలే కార్డు కదా, అలల్లో అటూ ఇటూ రెండు మూడు డిగ్రీలు ఆడుతుంది, వీల్‌మ్యాన్‌కి చెమటలు పట్టాయి. కానీ ఆ ఊగు మధ్య నిజం ఉంటుంది.

ఇప్పటి షిప్పుల్లో ఈ పని కొంత మెషీన్లే చేస్తాయి. మాగ్నెటిక్ కింద ఒక సెన్సర్ తగిలించి, జైరోకీ దానికీ తేడా ఇన్ని డిగ్రీలు దాటితే అలారం వచ్చేలా పెడతారు. ఆ పరిమితిని 10 డిగ్రీలకి పెట్టి, లేదా అలారం విసిగిస్తోందని ఆపేసి తిరిగే బ్రిడ్జిలు నేను చూశాను. అలాగే శాటిలైట్ కంపాస్ ఉందిగా అంటారు. మంచిదే, కానీ జీపీఎస్ సిగ్నల్‌ని ఎవరైనా చెడగొట్టే ప్రాంతంలో పొజిషన్‌తో పాటు అదీ పోతుంది.

కేడెట్‌గా మీకు మొదటి రోజు నుంచే చేతిలో ఉండే పని ఇది. కోర్సు మార్చిన ప్రతిసారీ, వాచ్‌లో గంటకోసారి, జైరో హెడ్డింగ్, మాగ్నెటిక్ హెడ్డింగ్ పక్కపక్కన రాయండి. ఆ రెండింటి తేడా ఒకే కోర్సులో మారకూడదు. కోర్సు మారినప్పుడు డీవియేషన్ కార్డు చెప్పినంత మాత్రమే మారాలి. మారిందంటే రెండింట్లో ఒకటి తప్పు. ఏది అన్నది సూర్యుడు గానీ, లీడింగ్ లైట్లు గానీ తేలుస్తాయి.

షిప్పు ఎక్కగానే కంపాస్ ఎర్రర్ బుక్ అడిగి పాత పేజీలు తిరగేయండి. నెల రోజులుగా ప్రతి వాచ్‌కీ "1.0 హై, డీవియేషన్ 2 వెస్ట్" అని వరుసగా కనిపిస్తే, ఆ నెలలో షిప్పు చెన్నై నుంచి పైకి వెళ్లి మళ్లీ కిందికి వచ్చి ఉంటే, డీవియేషన్ అయినా మారి ఉండాలి కదా. మారలేదంటే అది పై వరుస చూసి దింపిన కాపీ. ఆ పుస్తకాన్ని పక్కన పెట్టి, మర్నాడు తెల్లారుజామున వింగ్ మీదికి వెళ్లి మీరే ఒకటి తీయండి.